వడ్డీ సున్నాకి చేరాక: లిక్విడిటీ ట్రాప్ గురించి నేను తరచూ వినే అపోహలు

డిగ్రీ క్లాసులో ద్రవ్య విధానం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. వడ్డీ సున్నా దగ్గరికి చేరాక, కేంద్ర బ్యాంకు ఎంత డబ్బు సృష్టించినా అప్పులు, ఖర్చు పెరగని స్థితినే లిక్విడిటీ ట్రాప్ అంటాం. లిక్విడిటీ ట్రాప్ పాఠం (మన పాఠ్యపుస్తకాల్లో ద్రవ్యత్వ వల అంటారు) వచ్చినప్పుడల్లా వెనక బెంచీలోంచి ఒక ప్రశ్న వస్తుంది: "సార్, నోట్లు వేసేది కేంద్ర బ్యాంకే కదా, వాళ్లకి ఇబ్బందేంటి?" ప్రశ్న న్యాయమైనదే. దాని వెనకున్న అపోహతోనే మొదలుపెడతాను.

అపోహ: కేంద్ర బ్యాంకు డబ్బు సృష్టిస్తే అది జనం చేతికి వచ్చేస్తుంది.

కేంద్ర బ్యాంకు ఎవరికీ డబ్బు ఊరికే పంచదు. బ్యాంకుల దగ్గరున్న ప్రభుత్వ బాండ్లను కొని, వాటి విలువను తన దగ్గరున్న ఆ బ్యాంకుల ఖాతాల్లో జమ చేస్తుంది. ఈ నిల్వలనే రిజర్వులు అంటాం. బాండ్ మీద 5% వడ్డీ వస్తున్న రోజుల్లో, వడ్డీ రాని రిజర్వులు అట్టే పెట్టుకోవడం బ్యాంకుకు నష్టం. అందుకే వాటిని వదిలించుకోవాలని చూస్తుంది: అప్పులిస్తుంది, వేరే బాండ్లు కొంటుంది. ఆ తొందరలోనే వడ్డీ రేట్లు తగ్గుతాయి, అప్పు చవకవుతుంది, ఖర్చు పెరుగుతుంది.

ఇప్పుడు బాండ్ మీద వచ్చేది 0.1% అనుకోండి. బాండ్ ఉన్నా ఒకటే, రిజర్వులున్నా ఒకటే. కేంద్ర బ్యాంకు బాండ్ తీసుకుని రిజర్వులిస్తే, కుడి జేబులోది తీసి ఎడమ జేబులో పెట్టినట్టే. బ్యాంకుకు తొందరేమీ ఉండదు. ద్రవ్య విధానం పట్టు కోల్పోయేది ఇక్కడే.

జపాన్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపించింది. 1990ల మొదట్లో అక్కడ షేర్ల, భూముల బుడగ పగిలింది. 1999లో కేంద్ర బ్యాంకు వడ్డీని దాదాపు సున్నాకి దించింది. 2000 ఆగస్టులో తొందరపడి కొంచెం పెంచి, మళ్లీ వెనక్కి తగ్గింది. 2001 మార్చిలో పద్ధతే మార్చి, వడ్డీకి బదులు రిజర్వుల మొత్తాన్నే లక్ష్యంగా పెట్టుకుంది. ఆ లక్ష్యం మొదట 5 లక్షల కోట్ల యెన్‌లు. 2004 మొదటికి 30 నుంచి 35 లక్షల కోట్లు. రిజర్వులు ఆరేడు రెట్లు పెరిగాయి. బ్యాంకులిచ్చిన అప్పుల మొత్తం మాత్రం ఆ ఏళ్లలో చాలావరకు తగ్గుతూనే వచ్చింది, ధరలు కూడా మెల్లగా జారాయి. కంపెనీలు కొత్త అప్పు తీసుకోకపోగా, బుడగ కాలంలో చేసిన పాత అప్పులు తీర్చుకునే పనిలో పడ్డాయి. అడిగేవాడు లేనప్పుడు ఇచ్చేవాడి దగ్గర ఎంత ఉంటే ఏం లాభం!

మందగమనాలన్నిటిలో ఇలా జరగదు. రిజర్వులు పెరుగుతూ, వడ్డీ అడుగంటి, అప్పులు మాత్రం కదలకపోతే ట్రాప్ అని అనుమానించాలి. ఈ మూడూ కలిసి ఉండాలి.

అపోహ: సున్నా వడ్డీ అంటే అప్పు ఊరికే వచ్చినట్టే.

ఇది పేపర్లో రాసుకుని చూస్తే తప్ప తెలియదు. ఒక తయారీదారు తన వస్తువును 100కి అమ్ముతున్నాడు. సున్నా వడ్డీకి 10,000 అప్పు తీసుకున్నాడు. అంటే 100 వస్తువుల విలువ. ధరలు ఏటా 1% చొప్పున పడుతున్నాయి. ఐదేళ్లకు అతని వస్తువు ధర సుమారు 95.1 అవుతుంది. అప్పు మాత్రం అదే 10,000. ఇప్పుడు తీర్చాలంటే సుమారు 105 వస్తువులు అమ్మాలి. వడ్డీ లేదన్న అప్పుకే ఐదు వస్తువులు ఎక్కువ కట్టాడు.

వడ్డీలోంచి ధరల పెరుగుదలను తీసేస్తే మిగిలేది నిజ వడ్డీ. ఇక్కడ అది +1%. ఆర్థిక వ్యవస్థ మళ్లీ లేవాలంటే నిజ వడ్డీ −2% ఉండాలనుకుందాం. కేంద్ర బ్యాంకు సున్నా దగ్గర ఆగిపోయింది కాబట్టి 3% తేడా అలాగే ఉండిపోతుంది. బయటికి ఉదారంగా కనిపిస్తున్న విధానం లోపల బిగుతుగానే ఉంది. ధరలు ఇంకా పడితే ఇంకా బిగుస్తుంది.

సున్నా కిందికి వెళ్లకూడదా అంటే, వెళ్లారు. స్విట్జర్లాండ్ 2015లో −0.75% దాకా దించింది. కానీ నగదుపై వడ్డీ ఎప్పుడూ సున్నాయే. డిపాజిట్ మీద ఎదురు కట్టించుకుంటే జనం నోట్లు ఇంట్లో దాచుకుంటారు. ఆ భయంతోనే చాలా బ్యాంకులు మామూలు ఖాతాదారుల మీద ఆ భారం వేయడానికి వెనకాడాయి. కాబట్టి గోడ సరిగ్గా సున్నా దగ్గర లేకపోయినా, ఎక్కువ దూరంలో మాత్రం లేదు.

అపోహ: ప్రభుత్వం అప్పు చేస్తే వడ్డీ పెరిగి ప్రైవేటు పెట్టుబడి దెబ్బతింటుంది.

మామూలు రోజుల్లో ఈ మాటలో నిజముంది. ప్రభుత్వ ఖర్చు ధరలను రెచ్చగొడుతుందని కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచుతుంది, కంపెనీలు వెనక్కి తగ్గుతాయి. ట్రాప్‌లో పొదుపు పనిలేక కూర్చుని ఉంటుంది. ప్రభుత్వం తీసుకునేది దాన్నే. వడ్డీ పెంచాల్సిన అవసరం కేంద్ర బ్యాంకుకు రాదు. జపాన్ ప్రభుత్వం అంతంత అప్పులు చేస్తున్న కాలంలోనే, 2003 జూన్‌లో, అక్కడి పదేళ్ల బాండ్ రాబడి 0.43% దాకా పడిపోయింది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ప్రభుత్వం 100 అప్పు చేసి రోడ్లకు ఖర్చు పెట్టింది. కూలీ దొరికినవాడు మళ్లీ ఖర్చు చేస్తాడు, అలా మొత్తం ఆదాయం 150 పెరిగిందనుకుందాం. అంటే గుణకం 1.5. అందులో 30% పన్నుగా వెనక్కి వస్తే 45. నికరంగా పెరిగిన అప్పు 55. గుణకం 0.5 అయి ఉంటే వెనక్కి వచ్చేది 15 మాత్రమే. అందుకే గుణకం ఎంత అన్నదాని మీదే మా వాదనలన్నీ నడుస్తాయి. 2012లో అంతర్జాతీయ ద్రవ్య నిధి తన పాత అంచనాలను సరిచూసుకుంది. 0.5 చుట్టూ అనుకున్న గుణకం, సంక్షోభం తర్వాతి ఏళ్లలో నిజానికి 0.9 నుంచి 1.7 మధ్య ఉండి ఉంటుందని తేలింది. ఖర్చులు కోసిన దేశాలు అనుకున్నదానికంటే ఎక్కువగా ఎందుకు కుంగాయో అక్కడ తెలిసింది.

అలాగని ఏ ఖర్చయినా పనిచేస్తుందనుకోవద్దు. అప్పులు తీర్చుకునే తొందరలో ఉన్నవారికి పన్ను తగ్గిస్తే, ఆ డబ్బూ అప్పు తీర్చడానికే పోతుంది. చేతికి వచ్చింది వచ్చినట్టే ఖర్చయ్యే చోటికి పంపాలి: నిరుద్యోగ భృతి, పేద కుటుంబాలకు నగదు, ఇప్పటికే డిజైన్ సిద్ధంగా ఉన్న పనులు. భూసేకరణే మొదలుకాని ప్రాజెక్టు ఖర్చు, సంక్షోభం ముగిశాక గానీ బయటికి రాదు.

ఇంకో తప్పు, తొందరగా ఆపేయడం. జపాన్ 1997 ఏప్రిల్‌లో వినియోగ పన్నును 3 నుంచి 5 శాతానికి పెంచింది. కోలుకుంటున్న ఆర్థిక వ్యవస్థ మళ్లీ మాంద్యంలోకి జారింది. నిందంతా పన్ను మీదే వేయడం న్యాయం కాదు, ఆ ఏడాదే ఆసియా సంక్షోభం వచ్చింది, నవంబర్‌లో పెద్ద ఆర్థిక సంస్థలు కూలాయి. కానీ ఆ దెబ్బలు తగిలినప్పుడు వడ్డీ తగ్గించి ఆదుకునే చోటు లేదు. పన్ను పెంపు సమయం తప్పని నేననేది అందుకే.

అపోహ: అయితే కేంద్ర బ్యాంకు చేతులు ముడుచుకోవాల్సిందే.

అలా కూడా కాదు. బ్యాంకులు కూలకుండా నిలబెట్టడం ట్రాప్‌లోనూ దాని పనే. ధరలు పెరగడం మొదలైనా వెంటనే వడ్డీ పెంచబోమని మాటివ్వొచ్చు. జనం నమ్మితే, ముందుముందు ధరలు పెరుగుతాయన్న అంచనాతో నిజ వడ్డీ ఇప్పుడే తగ్గుతుంది. చిక్కు నమ్మకం దగ్గరే. ధరల్ని అదుపులో పెడతామని దశాబ్దాలుగా చెప్పినవాళ్లు, ఇప్పుడు పెరగనిస్తామంటే ఎవరు నమ్ముతారు? 2013లో జపాన్ కేంద్ర బ్యాంకు రెండేళ్లలో 2% ద్రవ్యోల్బణం తెస్తామని గట్టిగా ప్రకటించి, భారీగా బాండ్లు కొంది. గడువులోగా ఆ లక్ష్యం అందలేదు. 2014లో వినియోగ పన్నును 8 శాతానికి పెంచడంతో ఒక చేత్తో తోసి రెండో చేత్తో లాగినట్టయింది. నెగటివ్ వడ్డీ నుంచి ఆ దేశం బయటపడింది 2024 మార్చిలో.