పది నిమిషాలు, ఒక టీడీ ఇంజెక్షన్

టీకా మన ఒంట్లో రోగనిరోధక వ్యవస్థకి ఎలా శిక్షణ ఇస్తుందో పదో తరగతి పిల్లలకి పది నిమిషాల్లో చెప్పమని ఒక స్కూలువాళ్ళు అడిగారు. మొదటిసారి వెళ్ళినప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. ఎడ్వర్డ్ జెన్నర్, ఆవులు, పాలు పితికే అమ్మాయి, మశూచి. మూడు నిమిషాలు అక్కడే ఖర్చయిపోయాయి. తర్వాత సైనికులు, శత్రువులు, కోటగోడలు అని ఇంకో నాలుగు నిమిషాలు. పిల్లలు బుద్ధిగానే విన్నారు. చివర్లో ఒకబ్బాయిని అడిగితే, "క్రిమిని చూసి మన కణాలు దాన్ని చంపడం నేర్చుకుంటాయి సార్" అన్నాడు. విషయంలో ముఖ్యమైన తప్పు సరిగ్గా అక్కడే ఉంది. ఆ తప్పు నేర్పింది నేనే.

తర్వాత నుంచి అన్ని టీకాల గురించీ చెప్పడం మానేశాను. పది నిమిషాలంటే నా వేగానికి తొమ్మిది వందల మాటలు. అందులో ఒక్క టీకానే సరిగ్గా పడుతుంది. నేను ఎంచుకున్నది ధనుర్వాతం టీకా. మన జాతీయ టీకాల కార్యక్రమంలో పదేళ్ళ వయసులో ఒకసారి, పదహారేళ్ళ వయసులో ఒకసారి టీడీ ఇంజెక్షన్ ఉంటుంది. అంటే నా ముందు కూర్చున్నవాళ్ళలో కొందరి జబ్బ మీద ఆ సూది ఈ మధ్యే దిగి ఉంటుంది, మిగతావాళ్ళకి త్వరలో దిగుతుంది. ఇంతకన్నా దగ్గర ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

మొదటి నిమిషం ఒక ప్రశ్నకి ఇస్తాను. మేకు గుచ్చుకుంటే ఏం చేయిస్తారు అంటే క్లాసంతా "టీటీ" అని అరుస్తుంది. టీటీలో ఉన్నది ధనుర్వాతం టీకా ఒక్కటే, ఇప్పుడు వేసే టీడీలో దానికి డిఫ్తీరియా టీకా కూడా కలిసింది, అంతే తేడా. అప్పుడు అసలు ప్రశ్న వేస్తాను. ధనుర్వాతం వచ్చి, ఆస్పత్రిలో ఉండి, బతికి బయటపడ్డ మనిషికి ఆ జబ్బు మళ్ళీ వస్తుందా? అందరూ రాదనే అంటారు. ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ పోయదు కదా, ఇదీ అంతే అని. నిజానికి వస్తుంది. అందుకే ఆ మనిషి కోలుకుంటున్నప్పుడే డాక్టర్లు టీకా కూడా మొదలుపెడతారు. జబ్బు నేర్పలేని పాఠాన్ని అర మిల్లీలీటరు మందు ఎలా నేర్పుతుంది? ఈ ముడి వేసేశాక మిగతా తొమ్మిది నిమిషాలూ దాన్ని విప్పుకుంటూ పోవడమే.

ముడిలో మొదటి పోగు ఉప్పు రవ్వ. ధనుర్వాతంలో మనిషిని చంపేది క్రిమి కాదు, అది వదిలే విషం. మట్టిలో, పేడలో నిద్రపోయే బీజాలు గాలి ఆడని లోతైన గాయంలో మేల్కొని ఆ విషాన్ని తయారుచేస్తాయి. (తుప్పుకి ఇందులో పాత్ర లేదు. మేకు మీది మట్టిదే తప్పు.) కిలో శరీర బరువుకి సుమారు రెండున్నర నానోగ్రాముల విషం ప్రాణం తీస్తుందని అంచనా. యాభై కిలోల పిల్లాడికి 125 నానోగ్రాములు. మనం వాడే పొడి ఉప్పులో ఒక రవ్వ సుమారు 60 మైక్రోగ్రాములు ఉంటుంది. దాన్ని ఐదు వందల ముక్కలు చేస్తే ఒక ముక్క అంత. నేను నల్ల చార్టు ముక్క మీద ఒకే ఒక్క ఉప్పు రవ్వ పెట్టి ముందు బెంచీకి ఇస్తాను. చాలాసార్లు రెండో బెంచీ చేరేలోపే అది రాలిపోతుంది. పోయినా నష్టం లేదు, విషయం అర్థమైపోతుంది. చంపడానికి సరిపోయే విషం, రోగనిరోధక వ్యవస్థ కంట పడడానికి సరిపోదు.

మరి టీకాలో ఏముంది? అదే విషం, విషగుణం తీసేసి. బయాలజీ ల్యాబులో సీసాల్లో కప్పలుంటాయే, ఆ ఫార్మాలిన్‌తోనే దాన్ని మారుస్తారు. ఆకారం చాలావరకు అలాగే ఉంటుంది, కాటు పోతుంది. దాన్ని టాక్సాయిడ్ అంటారు. కాటు లేదు కాబట్టి ప్రాణం తీసే మోతాదు కన్నా పదుల రెట్లు ఎక్కువ పరిమాణం ఒంట్లోకి ఎక్కించవచ్చు. అందుకే జబ్బు నేర్పనిది టీకా నేర్పుతుంది. దీనికి ఒక అల్యూమినియం లవణం కూడా కలుపుతారు. 1926లో గ్లెన్నీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త డిఫ్తీరియా టాక్సాయిడ్‌కి పటిక కలిపి చూశాడు. అవును, మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటికే. టాక్సాయిడ్ ఒక్కటే ఇచ్చినప్పటికన్నా బాగా పనిచేసింది. ఆ లవణం సూది దిగినచోట చిన్న గొడవ లేపి కాపలా కణాలని అక్కడికి రప్పిస్తుంది. రెండు రోజులు జబ్బ నొప్పి పెట్టేది ఆ గొడవకే.

నాలుగో నిమిషానికి చంకలోకి వెళ్తాం. కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, ఇది మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. ఆ బిళ్ళే లింఫ్ నోడ్. జబ్బకి సంబంధించిన బిళ్ళలు చంకలో ఉంటాయి. కాపలా కణాలు టాక్సాయిడ్ ముక్కల్ని మింగి, మోసుకుంటూ అక్కడికి చేరతాయి. అక్కడ లక్షల కొద్దీ బి కణాలు వచ్చిపోతుంటాయి. క్రిమినో విషాన్నో అంటుకుని ఆపే యాంటీబాడీలని తయారుచేసేవి ఇవే. ఒక్కో కణం ఒంటి మీద, తనకి అతికేదాన్ని పట్టుకునే ఒక్కో ఆకారపు గ్రాహకం ఉంటుంది. ఇక్కడే స్లిప్పుల ఆట.

ఆట మొదలయ్యేముందే ప్రతి ఒక్కరికీ ఒక మూడంకెల నంబరు రాసిన స్లిప్పు ఇచ్చేస్తాను. తర్వాత బోర్డు మీద, ఉదాహరణకి 472 అని రాసి, సరిపోయినవాళ్ళని లేవమంటాను. మొదటిసారి ఎవరూ లేవలేదు. వెయ్యి నంబర్లు, యాభై మంది పిల్లలు. ఇరవై క్లాసుల్లో ఒక్క క్లాసులో దొరికితే గొప్ప. ముందే లెక్కేసుకోవాల్సింది, వేసుకోలేదు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ పరువు పోవడమే మేలు చేసింది. ఇప్పుడు ఏవైనా రెండు అంకెలు వాటి స్థానాల్లో సరిపోతే చాలంటాను. అలాంటి నంబర్లు వెయ్యిలో 28, కాబట్టి యాభై మందిలో సగటున ఒకరో ఇద్దరో లేస్తారు. ఎవరూ లేవకపోతే ఇంకో నంబరు రాస్తాను. ఒంట్లో జరిగేదీ ఇలాగే. మొదటిరోజు నూటికి నూరుపాళ్ళు అతికే కణం సాధారణంగా ఉండదు, దాదాపుగా అతికేవి కొన్ని ఉంటాయి.

లేచిన అమ్మాయిని అడుగుతాను. "నువ్వు ఈ నంబరు ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నేర్చుకోలేదు సార్, మీరే ఇచ్చారు. బోర్డు మీద రాయకముందే."

ఈ జవాబు కోసమే ఆ ఆటంతా. టీకా ఏ కణానికీ కొత్తగా ఏమీ నేర్పదు. అతికే కణం టీకా రాకముందే ఉంది. టీకా చేసేది దాన్ని వెతికి లేపడం. పిల్లలు పొరబడితే సిగ్గుపడాల్సింది లేదు, 1940లో లైనస్ పాలింగ్ అంతటి రసాయన శాస్త్రవేత్తే ఇంచుమించు అలాగే అనుకున్నాడు. ఒంట్లోకి వచ్చినదాని కొలతలు తీసుకుని, దానికి తగ్గట్టు యాంటీబాడీ మలచబడుతుందన్నాడు, టైలరు చొక్కా కుట్టినట్టు. 1957లో బర్నెట్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త దాన్ని తిరగేశాడు. టైలరు లేడు, ఉన్నది రెడీమేడ్ షాపు. అన్ని సైజులూ ముందే వేలాడుతున్నాయి, నప్పిన చొక్కాకే ఆర్డరు పెరుగుతుంది.

ఆర్డరు ఎలా పెరుగుతుందో బోర్డు మీద రెట్టింపులు వేస్తాను. అనుమతి ఇచ్చే ఇంకో రకం కణం, సహాయ టి కణం, "సరే" అన్నాక, లేచిన కణం విభజన మొదలుపెడుతుంది. రోజుకి రెండుసార్లు అనుకుందాం. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది... ఐదు రోజులకి పది రెట్టింపులు, 1024. మొదలవడానికి పట్టే ఒకట్రెండు రోజులు కలిపితే వారం. టీకా వేసిన మర్నాడే రక్షణ ఎందుకు రాదో పిల్లలే చెప్పేస్తారు, నేను నోరు మెదపక్కర్లేదు. ఆ పెరుగుదలలో గ్రాహకాల ఆకారం కొద్దికొద్దిగా మారుతుంది, బాగా అతికేవే మిగులుతాయి. షాపు భాషలో ఆల్టరేషన్. దీనికీ స్లిప్పులతో ఒక ఆట కట్టాను, బాగానే ఉంది, కానీ నాలుగు నిమిషాలు తినేస్తుంది. మనసు చంపుకుని తీసేశాను.

ఎనిమిదో నిమిషంలో మిగతా ముడి. చివరికి ఈ కణాలు రెండు దారులు పడతాయి. కొన్ని జ్ఞాపక కణాలుగా తిరుగుతూ ఉంటాయి, మళ్ళీ అదే వస్తే ఈసారి తొందరగా లేస్తాయి. కొన్ని ఎముక మజ్జలో కూర్చుని ఏళ్ళ తరబడి యాంటీబాడీలు తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటాయి. టీకా అంటే జ్ఞాపకం అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. ధనుర్వాతానికి అది చాలదు. విషం నరం చివర దొరకబుచ్చుకుని లోపలికి దూరి, వెన్నుపాము దాకా పాకుతుంది. కండరాలకి "ఇక చాలు, వదులు" అని చెప్పే సంకేతాలని అక్కడ ఆపేస్తుంది. ఒళ్ళు విల్లులా వంగిపోతుంది, ధనుర్వాతం అన్న పేరు అందుకే. నరంలోకి దూరిన విషాన్ని యాంటీబాడీ అందుకోలేదు. పైగా అంత కొంచెం విషం జ్ఞాపక కణాలని నిద్రలేపుతుందన్న నమ్మకమూ లేదు. కాబట్టి గాయం తగిలే రోజుకే యాంటీబాడీల నిల్వ రక్తంలో ఉండాలి. ఆ నిల్వ ఏళ్ళ మీద తరుగుతుంది. పదేళ్ళకీ, పదహారేళ్ళకీ పడే సూది తరిగిన నిల్వని నింపడానికి.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "మరి మోకాలు గీసుకున్న ప్రతిసారీ టీటీ ఎందుకు సార్?" అక్కర్లేదు. టీకాలన్నీ సరిగ్గా పడ్డవాళ్ళకి చిన్న, శుభ్రమైన గాయమైతే చివరి డోసు నుంచి పదేళ్ళు దాటిందా, మట్టి పట్టిన గాయమైతే ఐదేళ్ళు దాటిందా అని డాక్టరు చూస్తారు. టీకాలే పడనివాళ్ళకి మురికి గాయమైతే తయారుగా ఉన్న యాంటీబాడీలనే ఇంజెక్షన్‌గా ఇస్తారు. అది అరువు సొమ్ము, కొన్ని వారాల్లో ఖర్చయిపోతుంది. సొంత నిల్వ కోసం టీకా వేరుగా వేయాల్సిందే.

చివరి నిమిషం ఒక్క హద్దు చెప్పడానికి ఉంచుకుంటాను. తట్టు లాంటి జబ్బుల్లో చుట్టూ ఉన్నవాళ్ళంతా టీకా వేయించుకుంటే, వేయించుకోని పసిపిల్లకి కూడా కొంత రక్షణ దొరుకుతుంది. ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి రాదు, మట్టి నుంచి వస్తుంది. ఊరంతా వేయించుకున్నా, వేయించుకోనివాడికి ఏ ఆసరా లేదు. ఇది చెప్పాక క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది.

పోయినసారి ఆ నిశ్శబ్దంలో వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మా అమ్మకి నేను కడుపులో ఉన్నప్పుడు వేశారట సార్. తాతయ్య రోజూ పొలంలోనే ఉంటాడు. ఆయనకి ఎప్పుడు వేశారో?" గర్భిణులకి కార్యక్రమంలో టీడీ ఉంది. తాతయ్య వయసువాళ్ళకి అలాంటి వరస లేదు, ఎప్పుడో పార దిగినప్పుడు వేయించుకుని ఉంటే ఉన్నట్టు. అదే చెప్పాను. బెల్లు కొట్టారు. ఆ అమ్మాయి స్లిప్పు వెనక ఏదో రాసుకుని జేబులో పెట్టుకుంది.