గ్రూపులో ఎవరున్నారో ఫోన్‌కి చెప్పేదెవరు?

గ్రూపు చాట్‌లోకి పిలవని మనిషి రాగలడా అన్న వాదన మళ్లీ రాజుకుంది. ‘ఎన్‌క్రిప్షన్ బద్దలైంది’ అని ఒకరు, ‘అలాంటిదేం లేదు, అంతా భద్రం’ అని ఇంకొకరు. ఇద్దరూ ఎన్‌క్రిప్షన్ గురించే మాట్లాడుతున్నారు గానీ గొడవ దాని గురించి కాదు. ఇద్దరి మధ్య మెసేజ్‌కి తాళం ఎలా పడుతుందన్నది చాలాసార్లు చెప్పుకున్నదే కనక ఇక్కడ వదిలేస్తున్నాను. 2018 జనవరి దగ్గర మొదలుపెడితే చాలు.

ఆ నెలలో జర్మనీలోని బోఖుమ్ రూర్ యూనివర్సిటీకి చెందిన రోస్లర్, మైన్కా, ష్వెంక్ అనే ముగ్గురు పరిశోధకులు వాట్సాప్, సిగ్నల్, త్రీమాల గ్రూపు చాట్‌లని పరీక్షించి చూసిన సంగతులు బయటపెట్టారు. వాళ్లు పట్టుకున్నది అర్థం కావాలంటే గ్రూపు కీ ఎలా నడుస్తుందో ఒకసారి చూడాలి.

లక్ష్మి, రవి, సలీం, మేరీ, గోపి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నారనుకుందాం. లక్ష్మి మొదటిసారి మెసేజ్ పెట్టేటప్పుడు ఆమె ఫోన్ సెండర్ కీ అని ఒకటి తయారుచేస్తుంది. అందులో 32 బైట్ల రహస్యం ఒకటి, మెసేజ్ ఆమెదేనని చూపే డిజిటల్ సంతకానికి వాడే కీ ఇంకొకటి ఉంటాయి. దాన్ని మిగతా నలుగురికీ విడివిడిగా, ఒక్కొక్కరితో తనకున్న ప్రైవేటు ఎన్‌క్రిప్షన్‌లో పెట్టి పంపుతుంది. ఆ తర్వాత ఆమె ఏం రాసినా ఒక్కసారి లాక్ చేస్తే చాలు, సర్వర్ అదే కాపీని నలుగురికీ పంచేస్తుంది. ప్రతి మెసేజ్‌తో ఆ రహస్యం ఒక మెట్టు ముందుకి జరుగుతుంది. వెనక్కి జరపడం మాత్రం లెక్కల ప్రకారం కుదరదు.

అందుకే ఒకరిని చేర్చుకోవడం తేలిక. ఆరో మనిషి వస్తే ఐదుగురూ తమ కీ ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో అక్కడి నుంచి అతనికి ఇస్తారు. పాత మెట్లు అతనికి అందవు కాబట్టి పాత మెసేజ్‌లూ చదవలేడు. కష్టమంతా పంపించేయడంలో ఉంది. రవిని తీసేశారంటే అతని దగ్గర మిగతా నలుగురి కీలూ ఉన్నాయి, వాటితో ముందుకి మెట్లెక్కుతూ పోగలడు. కాబట్టి నలుగురూ పాత కీ పారేసి, మళ్లీ మాట్లాడేటప్పుడు కొత్తది చేసి మిగతా ముగ్గురికీ పంచాలి. నాలుగు మూళ్లు పన్నెండు పంపకాలు. 1,024 మంది గ్రూపులో ఒక్కరు వెళ్లిపోయి, మిగిలిన వాళ్లందరూ ఆ తర్వాత ఒక్కసారైనా మాట్లాడితే లెక్క 10,45,506కి చేరుతుంది.

ఇంతవరకు పద్ధతి బాగానే ఉంది. కానీ రవి వెళ్లాడనీ, ఆరో మనిషి వచ్చాడనీ లక్ష్మి ఫోన్‌కి చెప్పేదెవరు?

సర్వర్. బోఖుమ్ వాళ్లు పట్టుకున్నది ఇదే. వాట్సాప్‌లో ‘ఫలానా వ్యక్తిని చేర్చాను’ అన్న అడ్మిన్ మాట మీద అడ్మిన్ ఫోన్ వేసిన సంతకం లేదు. సర్వర్‌ని చేతిలో పెట్టుకున్నవాడు అడ్మిన్‌కి తెలియకుండా అలాంటి మాటే పుట్టించగలడు. అది అందగానే సభ్యుల ఫోన్లు ఏమీ అడగకుండా తమ సెండర్ కీలని కొత్తవాడికి ఇచ్చేస్తాయి. అంటే తాళాన్ని పగలగొట్టే పనే లేదు, ఇంట్లోవాళ్లే తాళంచెవి ఇస్తారు. పైగా మెసేజ్‌లని ఏ వరుసలో ఇవ్వాలో, ఏది ఆపాలో కూడా సర్వర్ ఇష్టమే కనక, ‘ఇతన్ని ఎవరు చేర్చారు?’ అని ఒకరు అడిగిన ప్రశ్న మిగతావాళ్లకి చేరకుండా కొంతసేపు తొక్కిపట్టవచ్చని కూడా వాళ్లు చూపించారు. సిగ్నల్‌లో కూడా ఆ రోజుల్లో ఇలాంటి లోపమే ఉంది గానీ, అక్కడ దాడి చేసేవాడికి గ్రూపు ఐడీ తెలియాలి. అది 128 బిట్ల సంఖ్య, ఊహించి పట్టేది కాదు. మాజీ సభ్యుడికైతే తెలిసే ఉంటుంది.

వాట్సాప్ కంపెనీ జవాబు చిన్నదే: కొత్తవాళ్లు చేరితే అందరికీ నోటీసు కనిపిస్తుంది, కాబట్టి రహస్యంగా దూరడం కుదరదు. పద్ధతి మారిస్తే లింకుతో గ్రూపులో చేరే సౌకర్యం దెబ్బతింటుందన్న మాట కూడా అప్పుడు వినిపించింది. నోటీసు వస్తుందన్నది నిజమే. కాకపోతే తాళానికి బదులు సభ్యుల కళ్లని కాపలా పెట్టినట్టు అది.

అక్కణ్ణుంచి దారులు విడిపోయాయి. సిగ్నల్ 2019 చివర్లో కొత్త గ్రూపు పద్ధతిని ప్రకటించింది. సభ్యుల జాబితా సర్వర్ దగ్గరే ఉంటుంది, కానీ సర్వర్ దగ్గర లేని కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. మార్పు చేస్తున్నవాడికి ఆ హక్కు ఉందో లేదో అతనెవరో తెలియకుండానే సర్వర్ సరిచూస్తుంది. జాబితాలో సొంతంగా ఒక పేరు రాయడం దానివల్ల కాదు.

రెండో దారి ఎమ్ఎల్ఎస్, గ్రూపు చాట్‌ల ఎన్‌క్రిప్షన్ కోసం రాసిన ఉమ్మడి ప్రమాణం. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్‌లో 2018లో పని మొదలై, 2023 జులైలో ఆర్ఎఫ్‌సీ 9420 అన్న పత్రంగా వచ్చింది. ఇందులో సభ్యులు ఒక చెట్టుకి ఆకుల్లా ఉంటారు. ఒకరిని తీసేస్తే, ఆ పని చేసిన సభ్యుడు తన ఆకు నుంచి వేరు దాకా ఉన్న కీలని మార్చి, దారి పక్కనున్న కొమ్మలకి మాత్రమే కొత్త రహస్యాలు పంపుతాడు. 1,024 ఆకుల చెట్టుకి పది మెట్లే కాబట్టి చెట్టు నిండుగా ఉంటే పది చిల్లర పంపకాలతో పని అయిపోతుంది. చాలామంది వెళ్లిపోయి ఖాళీలు పడితే ఆ లెక్క పెరుగుతుంది. అందరూ చెప్పుకునేది ఈ వేగం గురించే గానీ నాకు ఇంకోటి ముఖ్యం అనిపిస్తుంది. ప్రతి మార్పు మీదా సంతకం ఉంటుంది, సభ్యుల జాబితా గ్రూపు కీ లెక్కలోనే కలిసిపోతుంది. లక్ష్మికి ఒక జాబితా, సలీంకి ఇంకో జాబితా చూపిస్తే ఇద్దరి కీలూ కలవవు, మెసేజ్ తెరుచుకోదు. మోసం జరిగిందన్నది అక్కడే బయటపడుతుంది.

ఎమ్ఎల్ఎస్‌లో ఒక తమాషా కూడా ఉంది. ఎవరూ తమని తాము తీసేసుకోలేరు. కొత్త కీని తయారుచేసినవాడికి ఆ కీ తెలిసే ఉంటుంది కదా! కాబట్టి వెళ్లేవాడు ‘వెళ్తాను’ అని ప్రతిపాదన పెడితే, ఉన్నవాళ్లలో ఒకరు దాన్ని ఖాయం చేయాలి. ఆ ప్రతిపాదన చూసిన ఫోన్ ముందు ఆ పని ముగించకుండా కొత్త మెసేజ్ పంపకూడదని నియమం.

ఈ మధ్యలో 2022లో మ్యాట్రిక్స్ అనే మెసేజింగ్ వ్యవస్థ మీద జరిగిన పరిశోధనలోనూ సర్వర్ చేతిలో సభ్యత్వం అన్న సమస్యే తేలింది. 2025 మార్చిలో అమెరికా ఉన్నతాధికారుల సిగ్నల్ గ్రూపులోకి ఒక పత్రికా సంపాదకుడు వచ్చిన సంగతిని ఈ గొడవలో కలిపేస్తున్నారు గానీ దానికీ దీనికీ సంబంధం లేదు. అక్కడ చేర్చింది గ్రూపులోని మనిషే, కీలు తమ పని తాము చేశాయి.

సంబంధం ఉన్నది అదే ఏడాది ఆల్‌బ్రెక్ట్, డౌలింగ్, జోన్స్ అనే పరిశోధకులు చేసిన వాట్సాప్ గ్రూపుల విశ్లేషణకి. మెసేజ్‌ల ఎన్‌క్రిప్షన్‌కి వాళ్లు మంచి మార్కులే వేశారు. సభ్యుల జాబితా దగ్గరికి వచ్చేసరికి బోఖుమ్ వాళ్లు ఏడేళ్ల ముందు చెప్పిందే చెప్పారు: ఎవరు సభ్యులో క్రిప్టోగ్రఫీ తేల్చడం లేదు, సర్వర్ తేలుస్తోంది. ఇద్దరు కూర్చుని సరిచూసుకునే సెక్యూరిటీ కోడ్ కూడా ఇక్కడ ఉపయోగపడదు, అది ఆ ఇద్దరి కీల గురించే చెబుతుంది తప్ప జాబితా గురించి కాదు. ఇంకా మిగిలిన ఆధారం చాట్ మధ్యలో కనిపించే ‘చేరారు’ అన్న ఆ చిన్న లైను. ఐదుగురున్న గ్రూపులో అది కంటపడుతుంది. వెయ్యి మంది ఉన్న గ్రూపులో, రాత్రికి రాత్రి మూడు వందల మెసేజ్‌లు వచ్చిపడ్డాక, పైకి జరిపి దాన్ని వెతికేవాళ్లు ఎందరుంటారు?