ట్రయల్ కనెక్షన్‌ను ఇంట్లో పరీక్షించడం: అపోహలు - వాస్తవాలు

ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ లైన్లు వేసే పనిలో ఉన్నవారికి ఒక ధోరణి తరచుగా కనిపిస్తుంది. కొత్త ఆపరేటర్ కొన్ని రోజులు ఉచితంగా వాడి చూడమంటాడు. లైన్ వేసిన మనిషి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ నడిపి అంకె చూపిస్తాడు. అది బాగుందని ఇంటివారు ఆరు నెలలకో, ఏడాదికో ముందే డబ్బు కట్టేస్తారు. ట్రయల్ ఇచ్చిన రోజులు అంతకంటే మెరుగైన పరీక్షకు సరిపోతాయి.

అపోహ: స్పీడ్ టెస్ట్‌లో ప్లాన్ వేగం వస్తే లైన్ బాగున్నట్టే.

వాస్తవం: స్పీడ్ టెస్ట్ యాప్ సాధారణంగా తనకు దగ్గరగా ఉన్న సర్వర్‌ను ఎంచుకుంటుంది. అది చాలాసార్లు ఆ ఆపరేటర్ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది కాబట్టి, ఆపరేటర్ బయటి ఇంటర్నెట్‌తో కలిసే చోట ఎంత రద్దీ ఉన్నా ఆ అంకెలో కనిపించదు. సర్వర్‌ను చేత్తో మార్చి, చెన్నైలోనో ముంబైలోనో ఉన్న వేరే సంస్థ సర్వర్‌తో కూడా కొలవాలి. సమయం కూడా ముఖ్యమే. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో దాదాపు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్ సామర్థ్యాన్ని ఆపరేటర్ పరికరంలో ఒకే పోర్టు మీది 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. మధ్యాహ్నం ఆ ఇళ్లలో సగం తాళం వేసి ఉంటాయి. అసలు పరీక్ష రాత్రి 8 నుంచి 11 మధ్య, అందులోనూ ఆదివారం చేయాలి.

అపోహ: పడకగదిలో ఫోన్‌కు వేగం రావడం లేదంటే కనెక్షన్ పనికిరానిదే.

వాస్తవం: అక్కడ మీరు కొలుస్తున్నది గోడలను దాటి వచ్చిన వైఫైని. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు లాన్ కేబుల్‌తో కలిపి కొలిచాకే లైన్ మీద తీర్పు చెప్పాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది: 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా కేబుల్ మీద వేగం 94, 95 దగ్గరే ఆగిపోతుంటే, తప్పు ఆపరేటర్‌ది కాకపోవచ్చు. కేబుల్‌లో నాలుగు జతల తీగల్లో ఒకటి తెగినా, పోర్టు 100 ఎంబీపీఎస్ రకానిదైనా వేగం సరిగ్గా అక్కడే నిలిచిపోవచ్చు. ముందు కేబుల్ మార్చి చూడండి.

అపోహ: వేగం ఉంటే వీడియో కాల్ ఆగదు.

వాస్తవం: కాల్‌కు కావలసిన వేగం చాలా తక్కువ, దాన్ని పాడుచేసేది ఆలస్యం, మధ్యలో పోయే ప్యాకెట్లు అనే డేటా ముక్కలు. ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవారు అన్నిటికంటే ముందు చేయాల్సిన పరీక్ష ఇదే. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు రెండు తెరిచి, ఒక్కోదాంట్లో ఒక్కో వరుస ఒకేసారి నడపాలి. మొదటిది రౌటర్ చిరునామా. మీ రౌటర్ వెనుక వేరే అంకె ఉంటే దాన్నే వాడండి. రెండోది బయట ఉన్న గూగుల్ సర్వర్‌ది.

```
ping -n 300 192.168.1.1
ping -n 300 8.8.8.8
```

సుమారు ఐదు నిమిషాల తర్వాత రెండు కిటికీల చివరి లెక్కలను పక్కపక్కన చూడాలి. ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. మధ్యాహ్నం రెండో కిటికీలో సగటు 12 మిల్లీసెకన్లు, నష్టం సున్నా. రాత్రి తొమ్మిదిన్నరకు అదే ల్యాప్‌టాప్, అదే కేబుల్. రౌటర్‌కు ఇంకా 1 మిల్లీసెకనే, నష్టం లేదు, కానీ బయటికి 40 నుంచి 180 దాకా ఊగుతూ 300లో 9 ప్యాకెట్లు పోయాయి, అంటే 3 శాతం. పింగ్ ముగియగానే నడిపిన స్పీడ్ టెస్ట్ మాత్రం ప్లాన్ వేగాన్నే చూపుతోంది. రౌటర్ దాకా శుభ్రంగా ఉంది కాబట్టి లోపం ల్యాప్‌టాప్‌కు, రౌటర్‌కు మధ్య లేదని తేలింది. అయితే ఒక్క రాత్రి ఫలితంతో తేల్చేయకుండా, మరో రెండు మూడు రాత్రులు ఇలాగే వస్తుందేమో చూసి, వేరే చిరునామాకు కూడా పింగ్ చేసి నిర్ధారించుకోవాలి. పాత కనెక్షన్ మీద ఆ రాత్రే ఇదే పరీక్ష నడిపితే తేడా ఇంకా స్పష్టమవుతుంది. ట్రయల్ ముగిసేదాకా పాతదాన్ని తీసేయవద్దనడానికి ఇదే ప్రధాన కారణం.

అపోహ: ట్రయల్‌లో వచ్చిందే ఒప్పందం తర్వాతా వస్తుంది.

వాస్తవం: కొందరు ట్రయల్‌లో పెద్ద ప్లాన్ వేగం ఇచ్చి, కొనేటప్పుడు చిన్నది రాయిస్తారు. ఏ ప్లాన్ మీద నడుస్తోందో రాతపూర్వకంగా అడగండి. డేటా పరిమితి దాటాక వేగం ఎంతకు పడిపోతుందో కూడా అందులోనే ఉండాలి.

చివరగా, సెట్టింగుల పేజీలో ఉండే రెండు విషయాలు చూడాలి. రౌటర్ పేజీలో ఆపరేటర్ ఇచ్చిన చిరునామా అయిన WAN IP అంకె 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ బయటి చిరునామాను చాలామంది పంచుకుంటున్నట్టు. అప్పుడు రౌటర్‌లో బయటివారికి దారి తెరిచే పోర్ట్ ఫార్వార్డింగ్‌తో బయటినుంచి చూసే డీవీఆర్ కెమెరాలు పనిచేయవు, యాప్ ద్వారా నడిచేవి మాత్రం సాధారణంగా పనిచేస్తాయి. రెండోది ఫైబర్ ద్వారా అందే కాంతి బలాన్ని చూపే Rx Power: -15 నుంచి -24 dBm దాకా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. -27కు చేరువైతే ఇప్పుడు నడుస్తున్నా, కేబుల్ కొంచెం వంగినా, కనెక్టర్‌లో దుమ్ము చేరినా సిగ్నల్ పోయిందని చెప్పే ఎర్ర లైటు వెలగవచ్చు. కాబట్టి ట్రయల్ ఉండగానే కనెక్టర్ శుభ్రం చేయించి, అవసరమైతే ఫైబర్ అతుకు అయిన స్ప్లైస్ మళ్లీ వేయించి, ఆ అంకె మెరుగుపడ్డాకే డబ్బు కట్టండి.