రికార్డింగ్‌లో వినిపించే కరెంటు రొద: అపోహలు - వాస్తవాలు

ఆడియో రికార్డింగులు పరీక్షించడం నా పని. భీమవరం చుట్టుపక్కల నుంచి నా దగ్గరికి వచ్చేవాటిలో చెరువు లీజు తగాదాలు ఎక్కువ. "ఈ మాటలు ఫలానా రోజు సాయంత్రం అన్నవేనా?" అన్నదే చాలాసార్లు అసలు ప్రశ్న. ఫైలు మీదున్న తేదీని ఎవరైనా మార్చేయొచ్చు. మాటల వెనకాల సన్నగా జుయ్‌మంటూ వినిపించే కరెంటు రొదను మార్చడం అంత తేలిక కాదు. ఆ రొద గ్రిడ్ ఫ్రీక్వెన్సీతో పాటే మారుతుంది కాబట్టి, దాన్ని గ్రిడ్ రికార్డుతో పోల్చి ఎప్పటి మాటలో పట్టుకుంటాను. అయితే ఆ రొద గురించి లాయర్లలోనూ క్లయింట్లలోనూ కొన్ని పొరపాటు నమ్మకాలు ఉన్నాయి. ఒక కేసు ఆధారంగా వాటి గురించి చెబుతాను.

అపోహ: కరెంటు ఎప్పుడూ 50 హెర్ట్జ్‌లోనే ఉంటుంది కదా, ఇక పోల్చడానికి ఏముంది?

50 అనేది గ్రిడ్ అందుకోవాలనుకునే లెక్క. నిజంగా ఉండేది ఒకసారి 49.97, ఇంకాసేపటికి 50.02. వాడకం పెరిగితే జనరేటర్లు కాస్త నెమ్మదిస్తాయి, తగ్గితే వేగం పుంజుకుంటాయి. ఈ ఎగుడుదిగుళ్లు క్షణక్షణం మారుతుంటాయి. వాటిని గ్రాఫుగా గీస్తే, పది, పదిహేను నిమిషాల పొడవునా ఒకసారి వచ్చిన గీత ఇంకోసారి అచ్చంగా అలాగే రావడం అరుదు. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పింది గుర్తుందా? ఆ కాసేపట్లో వాడకం దాదాపు 31 వేల మెగావాట్లు పడిపోయింది, ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 దాకా ఊగింది. ఆ సమయంలో చేసిన రికార్డింగ్‌లో రొద కాస్త స్పష్టంగా ఉంటే చాలు, ఏ రాత్రిదో గీత చూడగానే తెలిసిపోతుంది. మామూలు రోజుల్లో గీత అంత విడ్డూరంగా ఉండదు కాబట్టి ఓపిగ్గా వెతకాలి.

అపోహ: ఏ ఊళ్లో రికార్డ్ చేశారో కూడా రొద చెప్పేస్తుంది.

చెప్పదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటి నుంచి నరసాపురంలోనూ ఢిల్లీలోనూ ఒకే లయ. ఒకవేళ రికార్డింగ్ అంతకు ముందుదైతే పాత దక్షిణ గ్రిడ్ రికార్డుతోనే పోల్చాలి, ఉత్తరాది గీత పనికిరాదు.

ఊరు తెలియకపోవడం వల్ల నాకు ఒక లాభం ఉంది. పోల్చడానికి నా గదిలో కరెంటును రాత్రింబవళ్లు రికార్డ్ చేస్తుంటాను. 230 వోల్టులను చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో 9కి దించి, ఇంకా తగ్గించి, కంప్యూటర్ సౌండ్ కార్డుకు ఇస్తాను. టైము జీపీఎస్ నుంచి వస్తుంది. కానీ మా లైను పోతే నా రికార్డులోనూ ఖాళీ పడుతుంది. అందుకే హైదరాబాద్‌లో ఒక మిత్రుడి ఇంట్లో ఇలాంటిదే రెండోది పెట్టాను. ఇక్కడ కరెంటు లేని గంటకు అక్కడి గీత వాడుకుంటాను.

అపోహ: రొద గ్రిడ్‌తో కలవకపోతే ఆ రికార్డింగ్ దొంగది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. డెల్టాలో మరీ ఎక్కువ.

కేసు ఇది. రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో లీజు మాటలు, 41 నిమిషాల రికార్డింగ్. చిన్న డిజిటల్ రికార్డర్‌ను చార్జర్‌కు తగిలించి బల్ల మీద పెట్టారు. చార్జర్ నుంచి 50 హెర్ట్జ్ రొద, పాతకాలం ట్యూబ్‌లైట్ చోక్ నుంచి 100 హెర్ట్జ్ రొద ఎక్కాయి. అవతలి పక్షం తెచ్చుకున్న నిపుణుడు మొత్తం 41 నిమిషాలను ఒకే ముక్కగా పోల్చి, కలవలేదు కాబట్టి అతికించారని రాసిచ్చాడు.

నేను ముందు ఫైలుకు నకలు తీసి, ఫైలు ఏ కాస్త మారినా పట్టిచ్చే హ్యాష్ అనే సంఖ్య రాసుకుని, నకలు మీదే పని మొదలుపెట్టాను. 50 చుట్టూ ఉన్న సన్నని పట్టీ మాత్రం ఉంచి మిగతాది వడగట్టాను. ఒక్కోసారి 16 సెకన్ల ముక్క తీసుకుని, ముక్కను సెకను చొప్పున జరుపుతూ, ప్రతిచోటా ఫ్రీక్వెన్సీ కొలిచాను. గీత గీయగానే రికార్డింగ్ మూడు భాగాలుగా కనిపించింది. 14 నిమిషాల 10 సెకన్ల దాకా మామూలు గ్రిడ్ కదలిక. తర్వాత 50 సెకన్లు రొదే లేదు. 15వ నిమిషంలో రొద మళ్లీ వచ్చింది, కానీ 51.4 దగ్గర. కాసేపటికి ఒక్క ఊపున 50.3కి జారింది, ఇంకోసారి 49.6కి. గ్రిడ్ ఎప్పుడూ అలా జారదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అక్కడే విన్నాను. జారిన రెండుసార్లూ వెనకాల నీళ్లు చిమ్మే చప్పుడు మొదలవుతోంది. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు! లోడు పడగానే డీజిల్ ఇంజిన్ వేగం తగ్గుతుంది, దాంతో ఫ్రీక్వెన్సీ దిగుతుంది. రైతును అడిగితే ఆయనకు ఇదో ప్రశ్నే కాదు. "కరెంటు పోయిందండి, ఆయ్. జనరేటర్ వేయకపోతే రొయ్యలు తేలిపోవూ?" అన్నాడు.

జనరేటర్ నడిచింది 26 నిమిషాల 30 సెకన్ల దాకా. ఆ తర్వాత చివరి 14న్నర నిమిషాలు మళ్లీ గ్రిడ్. ఇప్పుడు మొదటి ముక్కను, చివరి ముక్కను విడివిడిగా తీసుకున్నాను. ఒకటి ఎక్కడ కలిసిందో రెండోదాని వెతుకులాటలో వాడుకోకుండా, రెండింటినీ ఆ నెల మొత్తం మీద జరిపి చూశాను. రెండూ రైతు చెప్పిన తేదీ దగ్గరే ఆగాయి, రికార్డర్ గడియారం మూడు నిమిషాలు వెనక ఉందంతే. రికార్డర్ గీత నా గీత కంటే మొదటి నుంచి చివరి దాకా 0.002 హెర్ట్జ్ పైన ఉంది. అది రికార్డర్‌కు లయ ఇచ్చే క్రిస్టల్ లోపం, ఎక్కడా మారలేదు కాబట్టి తీసేసి పోల్చొచ్చు.

అసలు రుజువు మధ్యలో ఉంది. మొదటి ముక్క ముగిసినప్పటి నుంచి చివరి ముక్క మొదలయ్యే దాకా రికార్డింగ్‌లో 12 నిమిషాల 20 సెకన్లు. గ్రిడ్ రికార్డులో ఆ రెండు చోట్ల మధ్య దూరమూ అంతే వచ్చింది, సెకను అటూ ఇటూగా. జనరేటర్ నడుస్తున్నప్పటి మాటల్లోంచి ఒక నిమిషం కోసేసి ఉంటే చివరి ముక్క నిమిషం ఆలస్యంగా కలిసేది. కోయలేదు.

అక్కడితో ఆగకుండా నా రిపోర్టులో ఇంకో రెండు వాక్యాలు రాశాను. సెకనులో సగం పట్టే "కాదు" లాంటి ఒక్క మాట జనరేటర్ భాగంలోంచి తీసేస్తే ఈ లెక్కకు దొరకదు. సరిగ్గా అంతే పొడవున్న వేరే ముక్కను పెట్టినా దొరకదు. ఆ భాగంలో జనరేటర్ లయ తనంతట తానే ఊగుతుంటుంది కాబట్టి అలల తెగింపు చూసి కోత పట్టుకోవడమూ కష్టమే. ఆ అనుమానం ఉంటే గది ప్రతిధ్వని, నేపథ్య చప్పుళ్లు వేరే పద్ధతుల్లో చూడాలి.

అపోహ: ఫోన్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌తోనూ ఇదంతా చేయొచ్చు.

చాలాసార్లు కుదరదు. ఫోన్లు, మెసేజింగ్ యాప్‌లు మాట స్పష్టంగా ఉండాలని కింది ఫ్రీక్వెన్సీలను కోసేస్తాయి, 50 దగ్గర ఏమీ మిగలదు. అప్పుడు 100, 200, 300 దగ్గర ఏమైనా మిగిలిందా అని వెతుకుతాను. గదిలో చోక్ ఉన్న ట్యూబ్‌లైటో, ఫ్యాను మోటారు రొదో ఉంటే ఆశ ఉంటుంది. ఫ్యాను రెక్కల చప్పుడు మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు, అది రెగ్యులేటర్‌ను బట్టి, గాలిని బట్టి మారుతుంది. ఇన్వర్టర్ మీద నడుస్తున్న ఇల్లైతే రొద గట్టిగానే ఉన్నా అది ఇన్వర్టర్ సొంత లయ, గ్రిడ్‌ది కాదు. పైగా మెసేజ్‌లు నలభై సెకన్లో, నిమిషమో ఉంటాయి. అంత చిన్న గీత ఏడాదిలో ఎన్నో చోట్ల దాదాపుగా కలుస్తుంది. అలాంటి ఫైలు వస్తే "తేదీ చెప్పలేను" అని రాసి, అసలు ఫోన్ తెమ్మని అడుగుతాను.