కాలేజీ టెక్ ఫెస్ట్‌కి స్పాన్సర్‌షిప్ ఉత్తరం: అపోహలు - వాస్తవాలు

రోబోటిక్స్ విడిభాగాలు అమ్మే ఒక కంపెనీలో మార్కెటింగ్ చూస్తాను. ఫెస్టుల సీజన్ మొదలైతే ఇంజినీరింగ్ కాలేజీల నుంచి ఉత్తరాలు వరసపెట్టి వస్తాయి. కాలేజీ పేరు తప్ప లోపల అంతా ఒకటే. ఒకదాంట్లో పైన మా కంపెనీ పేరుంది, మూడో పేరాలో వేరే కంపెనీ పేరు మిగిలిపోయింది!

అపోహ: ఎంత ఎక్కువ జనం వస్తారని రాస్తే అంత ఎక్కువ డబ్బిస్తారు.

పదివేల మంది అని చూడగానే నాకొచ్చే మొదటి అనుమానం, అందులో డీజే నైట్‌కి వచ్చేవాళ్లెందరని. వాళ్లు మా దగ్గర మోటార్లు కొనరు కదా.

ఒక కాలేజీ సంగతి చెబుతాను. రెండు రోజుల ఫెస్ట్. గోల్డ్ స్పాన్సర్‌గా 2 లక్షలు అడిగారు. బదులుగా బ్యానర్ మీద లోగో, టీషర్టు మీద లోగో, వేదిక మీద మా పేరు చదవడం. సంతకం పెట్టిన థర్డ్ ఇయర్ అబ్బాయికి ఫోన్ చేసి, "కిందటేడు లైన్ ఫాలోయర్ పోటీకి ఎన్ని టీములొచ్చాయి తమ్ముడూ?" అన్నాను. "అరవై నాలుగు సార్, టీముకి నలుగురు" అన్నాడు. ఉత్తరంలో ఉండాల్సిన అంకె అదీ! గీత వెంట తనంతట తానే నడిచే రోబో చేయాలంటే ఆ 64 టీముల్లో ప్రతి ఒక్కటీ మోటార్లు, డ్రైవర్ బోర్డు, సెన్సర్లు, బ్యాటరీ ఎక్కడో ఒకచోట కొని తీరాలి.

మరి ఎప్పుడు కొంటారు? పోటీకి రెండు మూడు వారాల ముందు. ఫెస్ట్ రోజు బ్యానర్ కట్టేసరికి కొనడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అందుకని ఉత్తరం మళ్లీ రాయించాను. సారాంశం ఇది:

"లైన్ ఫాలోయర్ పోటీకి మీ కంపెనీ పేరు పెడతాం. రిజిస్ట్రేషన్ ఖాయమైనట్టు టీములకు వెళ్లే మెయిల్‌లో మీ డిస్కౌంట్ కోడ్ ఇస్తాం. ఈ మెయిళ్లు పోటీకి మూడు వారాల ముందు నుంచే వెళ్తాయి. పోటీ జరిగే ల్యాబ్ గుమ్మం పక్కన రెండు రోజులు స్టాల్, కరెంటు పాయింటుతో సహా. ఇందుకు 45,000 రూపాయలు కోరుతున్నాం."

రెండు లక్షలకు మా పైవాళ్లను ఒప్పించే దారి నాకు లేదు. నలభై ఐదు వేలకు ఒక్క మెయిల్ సరిపోయింది.

అపోహ: విద్యార్థుల ఫోన్ నంబర్లన్నీ ఇస్తామంటే కంపెనీ ఎగిరి గంతేస్తుంది.

వాళ్లను అడగకుండా ఇచ్చిన జాబితా మాకు తలనొప్పి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. రిజిస్ట్రేషన్ ఫారంలో "స్పాన్సర్ నన్ను సంప్రదించవచ్చు" అని ఒక గడి పెట్టండి. టిక్ చేసినవాళ్ల వివరాలే ఇస్తామని ఉత్తరంలో రాయండి.

అపోహ: పెద్ద కంపెనీకి సమాజ సేవకు ఖర్చుపెట్టే సీఎస్ఆర్ నిధులుంటాయి, అందులోంచి అడగొచ్చు.

ఇది తరచూ చూసే పొరపాటు. తన సరుకుకు, సేవలకు ప్రచారం ఆశించి కంపెనీ చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందికి రాదని 2021 జనవరిలో సవరించిన నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఒకే ఉత్తరంలో "సీఎస్ఆర్ కింద సాయం చేయండి" అనీ "మీ లోగో వేస్తాం" అనీ రాస్తే రెండూ పొసగవు. మీరు అడుగుతున్నది మార్కెటింగ్ బడ్జెట్. ఉత్తరం ఆ విభాగానికే పంపండి.

అపోహ: సరేనన్నారంటే మర్నాడే అడిగినంతా వచ్చేస్తుంది.

కోఆర్డినేటర్ ఫోన్‌పే నంబరిస్తే మా అకౌంట్స్ వాళ్లు కాగితం కూడా ముట్టుకోరు. కాలేజీ ఖాతా, పాన్, క్యాన్సిల్డ్ చెక్, ప్రిన్సిపాల్ సంతకం కావాలి. కొత్త పేరు మా పుస్తకాల్లోకి ఎక్కడానికే వారాలు పడుతుంది కాబట్టి రెండు నెలల ముందైనా ఉత్తరం అందాలి.

ఇంకోటి. కాలేజీ కార్యక్రమాల్లో బ్యానర్ల కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ ప్రకటన పనితో సమానమని ఆదాయపన్ను బోర్డు 1995లోనే 715వ సర్క్యులర్‌లో తేల్చింది. అందుకే ఇచ్చే డబ్బులోంచి ముందుగానే పన్ను, అంటే టీడీఎస్, కోస్తాం. పై కాలేజీకి 2 శాతం చొప్పున 900 పోయి 44,100 చేరింది. "సార్, తొమ్మిది వందలు తగ్గాయి" అని ఫోనొచ్చింది. అది కాలేజీ పాన్ మీద జమై ఉంటుంది, ఎక్కడికీ పోదు. జీఎస్టీ ఎవరు కట్టాలన్నది మాత్రం ముందే మీ అకౌంట్స్ ఆఫీసులో అడిగి, అడిగిన మొత్తంలో అది కలిసి ఉందో లేదో ఉత్తరంలో ఒక్క ముక్క రాయండి.

ఫెస్ట్ అయిన వారానికి ఆ అబ్బాయి స్టాల్ ఫోటోలు, పోటీలో దిగిన టీముల జాబితా పంపాడు. మా దగ్గర చూస్తే కోడ్ వాడి కొన్న టీములు 38. మరుసటి ఏడాది వాళ్ల ఉత్తరం రాకముందే బడ్జెట్‌లో ఆ కాలేజీ పేరు రాసిపెట్టుకున్నాను.