మంత్లీ ప్లానే చవకా? కో-వర్కింగ్ సీటు తీసుకునేవాళ్ల అపోహలు - వాస్తవాలు

కొండాపూర్‌లో ఒక కో-వర్కింగ్ సెంటర్ చూసుకుంటాను. డే పాస్, మంత్లీ ప్లాన్ రేట్లు పోస్ట్ చేసిన ప్రతిసారీ వాట్సాప్‌కు వచ్చే మొదటి మెసేజ్ దాదాపు ఒకటే. "మేడం, డే పాస్ దండగ కదా? నెలకు కట్టేస్తే రోజుకు రెండొందల చిల్లరే పడుతుందిగా?" ఎన్నిసార్లు జవాబిచ్చినా మళ్లీ అదే వస్తోంది. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఎలా చూసినా మంత్లీ ప్లానే చవక

దీని వల్ల పోయినంత డబ్బు మిగతా అపోహలన్నీ కలిపినా పోదు. అందుకే దీని మీదే ఎక్కువ చెబుతాను.

ఆ 'రెండొందల చిల్లర' ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. హాట్ డెస్క్, అంటే ఖాళీగా ఉన్న ఏ సీటులోనైనా కూర్చునే ప్లాన్, నెలకు 6,500 రూపాయలు అనుకుందాం. దాన్ని 30తో భాగించి 'రోజుకు 217 రూపాయలే' అని పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. నెలలో 30 రోజులూ వచ్చి కూర్చునేవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు. శని, ఆదివారాలు పోతే మిగిలేవి 22 రోజులు. మీది హైబ్రిడ్ ఉద్యోగమై వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లాలంటే ఇంకో ఎనిమిది పోయాయి. ఒక సెలవు, ఊరికి వెళ్లిన రెండు రోజులు తీసేయండి. పదకొండు మిగిలాయి. భాగించాల్సింది ఈ పదకొండుతో.

ఇప్పుడు పైన కట్టేదాన్ని చూద్దాం. 6,500 పక్కన సన్నని అక్షరాల్లో 'జీఎస్టీ అదనం' అని ఉంటుంది. 18 శాతం కలిపితే 7,670. దాన్ని పదకొండుతో భాగిస్తే రోజుకు దాదాపు 697 రూపాయలు. అదే సెంటర్‌లో డే పాస్ 500 ఉంటే, చవక అనుకున్న ప్లాన్‌కు మీరు రోజుకు దాదాపు రెండొందలు ఎక్కువ కడుతున్నట్టు.

ఇందులోనే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. డే పాస్ రేటు చాలాచోట్ల అన్నీ కలుపుకునే చెబుతారు. కౌంటర్ దగ్గర 500 ఇస్తే అంతే. మంత్లీ రేటు మాత్రం పన్ను లేకుండా చెబుతారు. రెండూ పన్నుతోనే అనుకుంటే, అంటే డే పాస్ 590, మంత్లీ 7,670 అయితే, నెలకు సరిగ్గా 13 రోజులు వస్తే రెండూ సమానం. డే పాస్ 500కే అన్నీ కలిపి వస్తుంటే మాత్రం 16వ రోజు నుంచే మంత్లీ లాభం. రేటు అడిగేటప్పుడు "పన్నుతో కలిపి చెప్పండి" అన్న ఒక్క మాటకే లెక్క మూడు రోజులు జరిగిపోతుంది. మీ జీతానికి, మీ నెలకు సరిపోయే అంకె ఏదో తెలియాలంటే ముందు ఈ మాట అడగాలి.

జీఎస్టీ తిరిగి వస్తుందిలే అనుకునేవాళ్లూ ఉన్నారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఫ్రీలాన్సర్‌కు, తన నంబర్‌తో ఇన్వాయిస్ తీసుకుంటే, ఇన్‌పుట్ క్రెడిట్ దొరుకుతుంది. రిజిస్ట్రేషన్ లేని ఫ్రీలాన్సర్‌కు, జేబులోంచి కట్టుకునే ఉద్యోగికి ఆ 1,170 రూపాయలు ఖర్చే. ఈ పోస్టు చదివేవాళ్లలో ఎక్కువ మంది ఈ రెండో రకమే అయి ఉంటారు.

ఇంతకంటే పెద్ద దెబ్బ నోటీస్ పీరియడ్‌తో తగులుతుంది. మా దగ్గరికి వచ్చిన వరంగల్ అబ్బాయి ఒకరున్నారు, యూఐ డిజైనర్. ఉద్యోగం పోయింది, ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టారు. పొద్దున్నే ఇంట్లో కూర్చుంటే అమ్మానాన్న ముఖాల్లో టెన్షన్ చూడలేక రోజూ బయటికి రావాలనుకున్నారు. డబ్బు కట్టేస్తే తప్పకుండా వెళ్తాననే ఆలోచనతో వేరే సెంటర్‌లో మంత్లీ తీసుకున్నారు. మూడు నెలల తర్వాత మానేసి, డే పాస్ కోసం మా దగ్గరికి వచ్చారు. "మేడం, అక్కడ నాకు అసలెంత పడిందో తెలియడం లేదు" అంటే రిసెప్షన్ దగ్గరే కూర్చుని లెక్క వేశాం. ఆ సెంటర్ యాప్ నుంచి చెక్-ఇన్ చేసిన ప్రతిసారీ ఆయన ఫోన్‌కు మెయిల్ వచ్చేది. అవన్నీ ఒక్కొక్కటే వేలితో జరుపుతూ లెక్కపెట్టాం. మొదటి నెల 14, రెండో నెల 9, మూడో నెల 8. మొత్తం 31 రోజులు.

కట్టింది ఎంత? నెలకు 7,670 చొప్పున మూడు నెలలకు 23,010. దానిపైన 6,500 డిపాజిట్. నెల ముందు నోటీస్ ఇవ్వలేదని దాన్ని అడ్జస్ట్ చేసుకున్నారు. మొత్తం 29,510. ఆ 31 రోజులూ 500 పెట్టి డే పాస్ తీసుకుని ఉంటే 15,500 అయ్యేది. తేడా 14,010 రూపాయలు. క్లయింట్ పేమెంట్ రెండు నెలలుగా ఆగిపోయి ఉన్న మనిషికి అది చిన్న మొత్తం కాదు. ఆ లెక్క చూసి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు, టీ తెప్పించాను.

ఆ సెంటర్ వాళ్లు అగ్రిమెంట్‌లో లేనిది ఏమీ చేయలేదు. '30 రోజుల నోటీస్, ఈమెయిల్ ద్వారా మాత్రమే' అని స్పష్టంగా ఉంది. ఈయన రిసెప్షన్‌లో నోటితో చెప్పి వచ్చారు. నోటి మాట లెక్కలోకి రాదు. మానేయాలని అనిపించిన రోజే మెయిల్ పెట్టి, 'అందింది' అని జవాబు వచ్చేదాకా వదలకండి. నోటీస్ నెల మధ్యలో ఇస్తే అది ఆ రోజు నుంచి లెక్కా, వచ్చే బిల్లు తేదీ నుంచి లెక్కా అన్నది చేరే ముందే అడగండి. బిల్లు తేదీ నుంచి అయితే, రెండు రోజులు ఆలస్యమైనా ఇంకో నెల మీద పడుతుంది.

అందుకే కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇది. మొదటి నెల డే పాస్‌లతోనే గడపండి. పది పాస్‌ల బండిల్ ఉంటే అది తీసుకోండి, కానీ గడువు చూడండి. 30 రోజుల్లో వాడాల్సిన బండిల్‌కు, 90 రోజులు ఉండే బండిల్‌కు చాలా తేడా ఉంది. నెలాఖరున మీరు ఎన్ని రోజులు వచ్చారో చెక్-ఇన్ వివరాలు రిసెప్షన్‌లో అడగండి, ఇస్తారు. ఆ అంకె 15 దాటితే అప్పుడు మంత్లీకి మారండి. వారంలోపు మారితే అప్పటికి కొన్న డే పాస్‌ల డబ్బు మంత్లీలో తగ్గించే పద్ధతి కొన్ని సెంటర్లలో ఉంది. వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు, మీరే అడగాలి.

ఈ లెక్క వర్తించని వాళ్లు కూడా ఉన్నారు. ముఖ్యంగా అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్లు. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. డే పాస్ చాలాచోట్ల సాయంత్రం ఏడు, ఎనిమిదికల్లా ముగుస్తుంది. వీళ్లకు 24 గంటల యాక్సెస్ ఉన్న ప్లానే కావాలి, అది డే పాస్‌తో రాదు. అలాగే సొంత మానిటర్ పెట్టుకుని, సాయంత్రం దాన్ని అక్కడే వదిలి వెళ్లాలనుకునేవాళ్లకు డెడికేటెడ్ డెస్క్ తప్ప దారి లేదు.

అపోహ: మంత్లీ కడితే ఆ సీటు నాదే

కాదు. హాట్ డెస్క్ అంటే ఖాళీగా ఉన్న ఏ సీటైనా. కిటికీ పక్క సీటు మీద పుస్తకం పెట్టి భోజనానికి వెళ్లి, వచ్చేసరికి వేరేవాళ్లు కూర్చున్నారని గొడవపడితే మేం ఏమీ చేయలేం. కాల్స్ మాట్లాడుకునే ఫోన్ బూత్ కూడా అంతే, ఎవరు ముందొస్తే వాళ్లది. మీకు రోజుకు మూడు నాలుగు గంటల కాల్స్ ఉంటే సీటు రేటు కంటే ముందు బూత్‌లు ఎన్ని ఉన్నాయో, మంగళ, బుధవారాల్లో ఖాళీ దొరుకుతాయో లేదో చూసుకోండి. మా దగ్గర శుక్రవారం వచ్చి చూసి 'ఎంత ప్రశాంతంగా ఉందో' అని చేరినవాళ్లు మంగళవారం వచ్చి కంగారుపడతారు. ట్రయల్‌కు రద్దీ రోజే రండి.

అపోహ: మెంబర్‌షిప్ ఉంటే ఈ అడ్రస్‌తో జీఎస్టీ తీసుకోవచ్చు

ఇది ప్రమాదకరమైన పుకారు. ఎవరు పుట్టించారో గానీ ప్రతి వాట్సాప్ గ్రూప్‌లోనూ తిరుగుతోంది. డే పాస్‌కు గానీ, మామూలు హాట్ డెస్క్‌కు గానీ అడ్రస్ వాడుకునే హక్కు రాదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు అగ్రిమెంట్, ఎన్‌ఓసీ, కరెంటు బిల్లు లాంటివి కావాలి. అవి వర్చువల్ ఆఫీస్ లేదా అలాంటి వేరే ప్లాన్ తీసుకున్నవాళ్లకే ఇస్తాం. అధికారులు నేరుగా వచ్చి చూసే అవకాశం ఉంది. వచ్చినప్పుడు ఆ పేరుతో మా దగ్గర అగ్రిమెంట్ లేకపోతే, లేదనే చెబుతాం. అప్పుడు అప్లికేషన్ తిరస్కరిస్తారు, అప్పటికే నంబర్ వచ్చి ఉంటే అది రద్దయ్యే పరిస్థితి వస్తుంది. ఇన్వాయిస్ మీద ఉన్న మా అడ్రస్ కాపీ చేసి పెట్టేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అపోహ: ఈ బిల్లు హెచ్‌ఆర్‌ఏలో చూపించుకోవచ్చు

"మేడం, రెంట్ రిసీట్ ఇస్తారా, హెచ్‌ఆర్‌ఏకి పెట్టుకుంటాను" అని మార్చి వచ్చేసరికి అడుగుతారు. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు మీరు నివాసం ఉండే ఇంటి అద్దెకు. పని చేసుకునే సీటుకు వర్తించదు. ఫ్రీలాన్సర్లు దీన్ని వ్యాపార ఖర్చుగా రాసుకోవచ్చు. కానీ రాబడిలో సగం లాభంగా చూపించే ప్రిజంప్టివ్ పద్ధతిలో ఉంటే, ఆ మిగతా సగంలోనే ఇదీ కలిసిపోతుంది, విడిగా తగ్గదు.

అపోహ: ముందు నేను కట్టేస్తే కంపెనీ ఎలాగూ ఇస్తుంది

ఇస్తుందేమో, ముందు మీ ఫైనాన్స్ టీమ్‌ను అడగండి. బిల్లు మీ పేరు మీద ఉండాలా, కంపెనీ పేరు మీద వాళ్ల జీఎస్టీ నంబర్‌తో ఉండాలా అన్నది మెయిల్‌లో రాయించుకోండి. డే పాస్ బిల్లులు ఒప్పుకోకుండా నెల బిల్లు మాత్రమే తీసుకునే కంపెనీలు ఉన్నాయి. అలాంటప్పుడు నెలకు ఎనిమిది రోజులే వచ్చినా మీ జేబుకు మంత్లీనే నయం. కంపెనీ బెంగళూరులో ఉండి, తెలంగాణలో రిజిస్ట్రేషన్ లేకపోతే, ఇక్కడి సీటు మీద వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలకు వాళ్లకు సాధారణంగా క్రెడిట్ దొరకదు. అందుకే కొందరు బిల్లులో పన్ను భాగం ఇవ్వకుండా 6,500 మాత్రమే ఇస్తారు. పేరు తప్పుగా ఉన్న ఇన్వాయిస్‌ను మేం ఆ నెల జీఎస్టీ రిటర్న్ వేయకముందైతే సులువుగా మారుస్తాం. వేసేశాక క్రెడిట్ నోట్ ఇచ్చి కొత్త బిల్లు తీయాలి, దానికి మా అకౌంటెంట్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే ముందే పేరు, జీఎస్టీ నంబర్ ఆ ఫారంలో సరిగ్గా నింపండి.