హెపారిన్‌కు రెండు పరీక్షలు, నడుమ ఒక ప్రోటీన్

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు హెపారిన్. అది తీసుకునే ఒకరికి యాంటీ టెన్-ఎ పరీక్ష రాస్తారు, ఇంకొకరికి ప్లేట్‌లెట్ల లెక్క మాత్రం చూస్తారు. మొదటి పరీక్ష మందు రక్తంలో ఎంత పనిచేస్తోందో చెబుతుంది. రెండోది, శరీరం ఆ మందు మీద తిరగబడిందేమో పట్టిస్తుంది. ప్లేట్‌లెట్ల లోపలి సంచుల్లో ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 అనే ప్రోటీన్ ఉంటుంది. దానిది ధనావేశం, హెపారిన్‌ది గట్టి ఋణావేశం. కలిస్తే అతుక్కుపోతాయి. ఈ రెండు పరీక్షల్లోనూ ఈ ప్రోటీన్ చెయ్యి ఉంది.

యాంటీ టెన్-ఎ పరీక్షలో రోగి ప్లాస్మాకు, రక్తం గడ్డకట్టడంలో పాలుపంచుకునే టెన్-ఎ అనే ఎంజైమును కలుపుతారు. హెపారిన్ కొంత ఎంజైమును అణచివేస్తుంది. మిగిలినది ఒక రసాయనాన్ని కోసి పసుపు రంగు పుట్టిస్తుంది. కనక రంగు తగ్గిందంటే మందు ఎక్కువున్నట్టు. అయితే రక్తం గొట్టంలో ఎక్కువసేపు ఉండిపోతే ప్లేట్‌లెట్లు ఆ ప్రోటీన్‌ను వదులుతాయి, అది హెపారిన్‌ను మింగేస్తుంది, ఫలితం ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. అందుకే, ముఖ్యంగా మామూలు హెపారిన్ విషయంలో, గంటలోగా ప్లాస్మాను వేరుచేయాలి.

తక్కువ అణుభారపు హెపారిన్‌ను బరువు ప్రకారం ఇస్తే చాలామందికి ఈ పరీక్షే అక్కర్లేదు. అది మూత్రపిండాల ద్వారా పోతుంది కాబట్టి మూత్రపిండాల పనితీరు కొలత అయిన క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గినవారిలో పేరుకుపోవచ్చు. వారితోపాటు శిశువులకు, మరీ ఎక్కువ లేదా మరీ తక్కువ బరువున్నవారికి పరీక్ష పనికొస్తుంది. గర్భిణులకు అవసరమా కాదా అన్నదాని మీద వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. ఈ రకానికి చెందిన ఎనాక్సాపరిన్‌ను రక్తపు గడ్డ వైద్యానికి రోజుకు రెండుసార్లు ఇస్తుంటే, మూడో నాలుగో మోతాదు తర్వాత, సూది వేసిన నాలుగు గంటలకు రక్తం తీయాలి. మిల్లీలీటరుకు 0.6 నుంచి 1.0 యూనిట్లు ఉండాలి. తర్వాతి సూదికి కాస్త ముందు తీసి, ఇదే కొలతతో పోల్చి, తక్కువుందని మోతాదు పెంచడం మామూలుగా జరిగే పొరపాటు.

ఇక తిరుగుబాటు సంగతి. ఆ ప్రోటీన్, హెపారిన్ జంటను కొందరి శరీరం పరాయిదిగా చూసి ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. ప్లేట్‌లెట్లు ఖర్చైపోతాయి, కానీ అసలు ముప్పు రక్తస్రావం కాదు, కొత్త రక్తపు గడ్డలు. పెద్ద శస్త్రచికిత్స తర్వాత మామూలు హెపారిన్ తీసుకునేవారిలో ప్రమాదం ఎక్కువ, తక్కువ అణుభారపు రకంతో తక్కువ. సాధారణంగా ఇది 5 నుంచి 10 రోజుల మధ్య బయటపడుతుంది కాబట్టి, ప్రమాదమున్నవారికి నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా, హెపారిన్ ఆపేస్తే అప్పటిదాకా, రెండు మూడు రోజులకోసారి లెక్క చూస్తారు. గత నెలలో హెపారిన్ తీసుకున్నవారిలో మొదటి రోజే పడిపోవచ్చు.

మోకాలి శస్త్రచికిత్స అయిన ఒకరికి ప్లేట్‌లెట్లు అయిదో రోజు 2,80,000, ఎనిమిదో రోజు 1,20,000 ఉన్నాయనుకుందాం. లక్ష పైనే కదా అని ఊరుకోకూడదు. 57 శాతం పడిపోయింది. చూడాల్సింది ఆ పతనాన్నే. వెంటనే హెపారిన్ ఆపి, ప్రతిరక్షకాల పరీక్షకు పంపి, అర్గట్రోబాన్ వంటి వేరే మందు మొదలుపెడతారు. తక్కువ అణుభారపు రకానికి మార్చడం పరిష్కారం కాదు, ప్రతిరక్షకాలు దాన్నీ పట్టుకుంటాయి. సిరలోని గొట్టం మూసుకుపోకుండా ఎక్కించే చిన్న హెపారిన్ ఫ్లష్‌నూ ఆపాలి. అక్కడే చాలామంది మరిచిపోతారు.